ఒకే పత్రంలో రెండు పదమూడు లక్షలు

(రాజనీతి శాస్త్ర అధ్యాపకుల సమావేశంలో చేసిన ప్రసంగానికి రాత రూపం)

అందరికీ నమస్కారం. ఒక విధాన పత్రాన్ని, అదే మనం మామూలుగా పాలసీ పేపర్ అంటాం కదా, దాన్ని క్లాసులో చదివించేటప్పుడు విద్యార్థుల్ని ఏ ప్రశ్నలు అడగాలన్నది ఈ రోజు నా అంశం. అందులోనూ, ఏది ఆధారం, ఏది విలువ నిర్ణయం అని విడదీయించే ప్రశ్నలు. చాలా ఏళ్లపాటు నేను ఈ పనిని ఒకే పద్ధతిలో చేయించాను. అది తప్పని ఆలస్యంగా అర్థమైంది. ముందు దాని గురించే చెప్తాను, ఎందుకంటే మనలో చాలామంది ఇప్పటికీ అదే చేయిస్తున్నాం.

పత్రం చేతికిచ్చి రెండు రంగుల పెన్నులు తీసుకోమనేవాణ్ని. వాస్తవం చెప్పే వాక్యం కింద నీలం గీత, అభిప్రాయం చెప్పే వాక్యం కింద ఎర్ర గీత. ‘చేయాలి’, ‘తగదు’, ‘న్యాయం’ లాంటి మాట కనబడితే ఎరుపు. అంకె కనబడితే నీలం. పావుగంటలో అందరూ ముగించేవాళ్లు, అందరి గీతలూ దాదాపు ఒకేలా ఉండేవి. పాఠం బాగా ఎక్కిందనుకునేవాణ్ని. జరిగింది వేరు. ఒక వాక్యం కింద నీలం గీత పడగానే దాని గురించి అడగడం మానేస్తున్నారు. ‘అది డేటా కదా సార్’ అంటారు, అంతటితో సరి. ‘చేయాలి’ అన్న మాట ఎవరికైనా కనబడుతుంది, దాన్ని పట్టుకోవడానికి మన క్లాసు అక్కర్లేదు. విలువలు ఎవరికీ తెలియకుండా ఉండిపోయేది అంకెలున్న వాక్యాల్లోనే.

ఉదాహరణగా ఒక్క పత్రాన్నే తీసుకుంటాను. 2019 జూలైలో అమెరికాలోని కాంగ్రెషనల్ బడ్జెట్ ఆఫీస్ కనీస వేతనం మీద ఒక నివేదిక ఇచ్చింది. అక్కడ సమాఖ్య కనీస వేతనం 2009 నుంచి గంటకు 7.25 డాలర్ల దగ్గరే ఉంది. దాన్ని మెట్టుమెట్టుగా పెంచుకుంటూ 2025 నాటికి 15 డాలర్లకు తీసుకెళ్తే ఏం జరుగుతుందో ఆ నివేదిక అంచనా వేసింది. ఈ పత్రాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఆ ఆఫీసు సిఫారసులు చేయదు. ఫలానాది చేయండి, చేయకండి అని చెప్పదు. మన పాత లెక్క ప్రకారం పత్రమంతా నీలం గీతలే పడాలి.

అందులో ముఖ్యమైన అంచనాలు ఇవీ. 15 డాలర్లకు పెంచితే 1.7 కోట్ల మంది కార్మికుల జీతం నేరుగా పెరుగుతుంది. మధ్యస్థ అంచనా ప్రకారం 13 లక్షల మందికి పని పోతుంది. పేదరిక రేఖకు దిగువన ఉన్నవాళ్ల సంఖ్య 13 లక్షలు తగ్గుతుంది. చూశారా, రెండు చోట్లా 13 లక్షలే. ఇది కేవలం యాదృచ్ఛికం, కానీ పాఠానికి చాలా పనికొచ్చే యాదృచ్ఛికం. ఈ నివేదిక చదివి ఒకరు ‘13 లక్షల ఉద్యోగాలు పోతాయి’ అని శీర్షిక పెట్టవచ్చు. ఇంకొకరు ‘13 లక్షల మంది పేదరికం నుంచి బయటపడతారు’ అని పెట్టవచ్చు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఇద్దరూ నివేదికలో ఉన్న మాటే చెప్పారు.

క్లాసు కోసం నేనే ఒక చిన్న పేరా రాసుకున్నాను. ఏదో ఒక సంస్థ ఆ నివేదికను ఆధారం చేసుకుని రాసినట్టుగా ఉంటుంది. వినండి: ‘కనీస వేతనాన్ని 15 డాలర్లకు పెంచితే 13 లక్షల ఉద్యోగాలు పోతాయి. కుటుంబాల మొత్తం ఆదాయం 900 కోట్ల డాలర్లు తగ్గుతుంది. లాభం కన్నా నష్టం ఎక్కువ కాబట్టి ఈ పెంపు తగదు.’ మూడే వాక్యాలు. పెన్నుల పద్ధతిలో మొదటి రెండూ నీలం, మూడోది ఎరుపు. ఇప్పుడు ఆ మొదటి రెండింటినీ విప్పి చూద్దాం.

మొదటి వాక్యం దగ్గర నేను అడిగించే ప్రశ్న: ‘ఈ అంకె దేని లెక్క? ఎవరిని, ఎప్పుడు లెక్కపెట్టారు?’ నివేదికలోకి వెళ్లి చూస్తే ఆ 13 లక్షలు 2025లో ఒక సగటు వారంలో పని లేకుండా ఉండేవాళ్ల సంఖ్య. ఏడాది పొడవునా అదే మనుషులు ఖాళీగా కూర్చుంటారని దాని అర్థం కాదు. కొందరికి ఏడాదంతా పని ఉండదు, కొందరికి కొన్ని వారాలే ఉండదు. ‘13 లక్షల ఉద్యోగాలు పోతాయి’ అనగానే మన మనసులో మెదిలే బొమ్మ, ఉద్యోగం పోయి మళ్లీ దొరకని 13 లక్షల మంది. ఆ బొమ్మ నివేదికలో లేదు.

ఇంకోటి కూడా ఉంది, ఇది మరీ ముఖ్యం. 13 లక్షలన్నది మధ్య అంకె. నివేదిక ఒక విస్తృతి కూడా ఇచ్చింది: ఉద్యోగ నష్టం దాదాపు సున్నాకూ 37 లక్షలకూ మధ్య ఉండటానికి మూడింట రెండు వంతుల అవకాశం ఉందని. అంటే అసలు నష్టమే ఉండకపోవచ్చు, 13 లక్షలకు దాదాపు మూడింతలూ ఉండవచ్చు, ఆ హద్దులు దాటి బయటా పడవచ్చు. నా పేరాలో ‘పోతాయి’ అని రాశాను. ‘పోవచ్చు’ అని కూడా రాయలేదు. ఇంత అనిశ్చితి ఒక్క క్రియాపదంలో మాయమైపోయింది.

ఇంతవరకూ అడిగినవన్నీ ఆధారానికి సంబంధించిన ప్రశ్నలే. వీటికి జవాబు పత్రంలో వెతికితే దొరుకుతుంది. కానీ ఆ విస్తృతి బోర్డు మీద రాయగానే క్లాసులో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు: ‘సార్, 37 లక్షల దాకా పోయే ప్రమాదం ఉన్నప్పుడు పెంచడం ఎందుకు?’ వెంటనే ఇంకొకరు లేస్తారు: ‘అసలు నష్టమే లేకపోవచ్చని కూడా ఉంది కదా, ఆపడం ఎందుకు?’ ఇక్కడ ఆపండి. ఆ ఇద్దరి ముందూ ఉన్నది ఒకే ఆధారం. ఒకరు పెంచి నష్టం తెచ్చుకునే పొరపాటుకు భయపడుతున్నారు, ఇంకొకరు పెంచకుండా మేలు పోగొట్టుకునే పొరపాటుకు భయపడుతున్నారు. ఈ రెండు పొరపాట్లలో ఏది ఎక్కువ చేటు అన్నది ఏ సర్వే చెప్పదు. రిచర్డ్ రడ్నర్ అనే తత్వవేత్త 1953లో ఈ మాటే వాదించాడు: ఏ శాస్త్రీయ ప్రతిపాదనకూ నూటికి నూరుపాళ్లు రుజువు ఉండదు కాబట్టి, ఎంత రుజువుంటే చాలు అని తేల్చుకోవడంలోనే, తప్పు జరిగితే ఎంత నష్టం అన్న విలువ నిర్ణయం ఇమిడి ఉంటుందని. మన పిల్లలకు ఆయన పేరు చెప్పకపోయినా పర్వాలేదు. ‘మనం ఏ పొరపాటుకు ఎక్కువ భయపడుతున్నాం?’ అన్న ప్రశ్న వాళ్ల నోట్సులో ఉంటే చాలు.

ఇక రెండో వాక్యం. ‘కుటుంబాల మొత్తం ఆదాయం 900 కోట్ల డాలర్లు తగ్గుతుంది.’ ఈ వాక్యం దగ్గర మనం ఎంతసేపు ఉన్నా తక్కువే. ఇంత శుద్ధంగా నీలంగా కనబడే వాక్యం ఇంకోటి దొరకదు. అంకె కూడా సరైనదే. 2025లో కుటుంబాల నిజ ఆదాయం, అదే ధరల పెరుగుదలను తీసేసి చూసిన ఆదాయం, మొత్తం మీద 900 కోట్ల డాలర్లు, అంటే 0.1 శాతం తగ్గుతుందని నివేదిక అంచనా.

ఇక్కడ అడగాల్సింది: ‘మొత్తం అనే మాట లోపల ఏమేం కలిపారు?’ తక్కువ జీతం తీసుకునే వాళ్లలో చాలామందికి ఆదాయం పెరుగుతుంది. పని పోయినవాళ్లకు తగ్గుతుంది. వ్యాపారాల యజమానులకు లాభం కొంత తగ్గుతుంది. ధరలు కాస్త పెరగడంతో కొనేవాళ్లందరి మీదా కొంత భారం పడుతుంది. ఇవన్నీ కూడి, తీసేస్తే 900 కోట్ల డాలర్ల లోటు తేలింది. కానీ అదే నివేదిక ప్రకారం పేదరిక రేఖకు దిగువన ఉన్న కుటుంబాల ఆదాయం మొత్తం మీద పెరుగుతుంది. తగ్గేది ప్రధానంగా రేఖకు బాగా ఎగువన ఉన్న కుటుంబాలకు.

ఈ దశలో నేను బోర్డు మీద రెండు ఇళ్లు గీస్తాను. ఒక ఇంటికి ఏడాదికి 20 వేల డాలర్లు వస్తాయి. ఇంకో ఇంటికి 2 లక్షల డాలర్లు వస్తాయి. ఒక విధానం వల్ల మొదటి ఇంటికి వెయ్యి డాలర్లు పెరిగాయి, రెండో ఇంటికి పన్నెండు వందలు తగ్గాయి అనుకుందాం. ఇవి నేను కల్పించిన అంకెలే, లెక్క అర్థం కావడం కోసం. మొత్తం ఎంత? రెండు వందల డాలర్ల నష్టం. అలా చెప్పగానే ఆ విధానం చెడ్డదిగా కనబడుతుంది. ఇప్పుడు ఇంకోలా చూడండి. మొదటి ఇంటికి ఆదాయంలో అయిదు శాతం పెరిగింది. రెండో ఇంటికి సగం శాతం కన్నా కాస్త ఎక్కువ తగ్గింది. కూడికలో తప్పు లేదు. అయితే ఒక డాలరు ఎవరి చేతిలో ఉన్నా దాని విలువ ఒకటే అన్న నిర్ణయం ఆ కూడిక చిహ్నంలోనే ఉంది. పేదవాడి డాలరుకు ఎక్కువ బరువు ఇవ్వాలనేవాళ్లు ఉన్నారు. ఇవ్వకూడదని, ప్రభుత్వం అలా బరువులు వేయడం మొదలుపెడితే దానికి అంతు ఉండదని వాదించేవాళ్లూ ఉన్నారు. రెండూ గౌరవించదగిన వాదనలే. మొత్తం అంకె మాత్రమే చెప్పిన పత్రం ఆ వాదనలో ఒక పక్షం తీసుకుంది, తీసుకున్నట్టు మనకు చెప్పలేదు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. బడ్జెట్ ఆఫీసు తన నివేదికలో ఏ ఆదాయ వర్గానికి ఎంత పెరుగుతుంది, ఎంత తగ్గుతుంది అని విడివిడిగానూ ఇచ్చింది. దాచలేదు. దాన్ని పక్కనపెట్టి మొత్తాన్ని మాత్రమే ఎత్తుకున్నది నా పేరా. అందుకే పిల్లల్ని అసలు నివేదిక దగ్గరకు పంపాలి. పేరాలో ఏముందో చూసి సరిపెట్టుకోకుండా, నివేదికలో ఉండి పేరాలోకి రానిది ఏమిటో రాసుకురమ్మనాలి. 13 లక్షల మంది పేదరికం నుంచి బయటపడతారన్న అంచనా నా పేరాలో లేదని అప్పుడు వాళ్లకే తడుతుంది.

అయితే ఆ రెండో 13 లక్షల్నీ ఊరికే వదలకూడదు. క్లాసులో పేదల పక్షాన మాట్లాడే విద్యార్థికి ఆ అంకె చేతికందగానే గెలిచినట్టు అనిపిస్తుంది. ఆ అంకెనూ అదే ప్రశ్నతో నిలదీయాలి. ‘పేదరికం’ అన్న మాట ఇక్కడ ఏ పని చేస్తోంది? అమెరికా అధికారిక పేదరిక రేఖకు ఒక చరిత్ర ఉంది. 1960ల మొదట్లో అక్కడి సామాజిక భద్రతా విభాగంలో పనిచేసిన మాలీ ఓర్షాన్‌స్కీ దాన్ని రూపొందించారు. పొదుపుగా తినడానికి ఒక కుటుంబానికి ఎంత ఖర్చవుతుందో తీసుకుని దాన్ని మూడుతో గుణించారు. కుటుంబాలు అప్పట్లో సుమారు మూడో వంతు ఆదాయం తిండికి ఖర్చు పెడుతున్నాయని 1955 నాటి సర్వేలో తేలడం దానికి కారణం. ఆ మూడో వంతు అన్నది ఆధారం. కానీ మనిషి గౌరవంగా బతకడానికి అంత చాలు అని ఒప్పుకోవడం, అక్కడ గీత గీయడం, అది నిర్ణయం. గీత గీసేశాక దానికి ఎగువన ఎందరు, దిగువన ఎందరు అని లెక్కపెట్టడం మళ్లీ ఆధారం పనే. ఒకే మాటలో మూడు పొరలున్నాయి.

గీత వల్ల ఇంకో చిక్కు ఉంది. రేఖకు వంద డాలర్ల దిగువన ఉన్న కుటుంబం రెండు వందలు పెరిగి పైకి వస్తే ఆ ఇంట్లోవాళ్లందరూ ‘బయటపడ్డవాళ్ల’ లెక్కలో చేరతారు. రేఖకు పది వేల దిగువన ఉన్న కుటుంబానికి మూడు వేలు పెరిగితే ఒక్కరు కూడా లెక్కలోకి రారు. ఎవరి జీవితం ఎక్కువ మారింది? తలల్ని లెక్కపెట్టాలా, లోతును కొలవాలా అన్నది ముందుగా ఎవరో ఎంచుకున్నారు. ఆ ఎంపికకు కారణాలుంటాయి, వాటిని అడగవచ్చు. కానీ అది కొలత పరికరం దానంతటదే చేసిన ఎంపిక కాదు.

ఇక్కడ ఒక అధ్యాపక మిత్రురాలు చెయ్యెత్తారు. చెప్పండమ్మా. ... ఆవిడ అడిగింది అందరికీ వినబడేలా చెప్తాను. ‘ఇలా అన్నిట్లోనూ విలువలు ఉన్నాయని చూపిస్తూ పోతే, పిల్లలు ఇక ఏదీ నిజం కాదు, అంతా ఎవరి అభిప్రాయం వాళ్లది అనేస్తారు కదా, అప్పుడేం చేయాలి?’

చాలా సరైన భయం. నా క్లాసులో అదే జరిగింది. ఒక అబ్బాయి తనకు నచ్చని ప్రతి అంకెనూ ‘అది వాళ్ల వాల్యూస్ సార్’ అని కొట్టేయడం మొదలుపెట్టాడు. అతని తప్పు కాదు, నేను సగం పాఠమే చెప్పాను. మిగతా సగం ఏమిటంటే, ఆధారం గురించి మనుషులు పోట్లాడుకునే తగాదాలు నిజంగానే ఉంటాయి, వాటిలో చాలావాటిని ఇంకా మెరుగైన ఆధారంతోనే తేల్చుకోవాలి. దానికి కనీస వేతనం చరిత్రలోనే మంచి ఉదాహరణ ఉంది.

1992 ఏప్రిల్ 1న న్యూజెర్సీ రాష్ట్రం కనీస వేతనాన్ని 4.25 నుంచి 5.05 డాలర్లకు పెంచింది. పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు రెండు వైపులా కలిపి 410 ఫాస్ట్‌ఫుడ్ రెస్టారెంట్లకు సంబంధించి, పెంపుకు ముందూ తర్వాతా ఎంతమంది పనిచేస్తున్నారో సమాచారం సేకరించారు. న్యూజెర్సీలో ఉద్యోగాలు తగ్గిన జాడ లేదని 1994లో ప్రచురించారు. 2000లో డేవిడ్ న్యూమార్క్, విలియం వాషర్ అనే ఇద్దరు దాన్ని ప్రశ్నించారు. ఫోనులో అడిగి తెలుసుకున్న అంకెల మీద ఆధారపడకుండా, రెస్టారెంట్ల జీతాల రికార్డులు తెప్పించుకుని చూశారు. ఉద్యోగాలు తగ్గాయని వాళ్లకు తేలింది. కార్డ్, క్రూగర్ అదే ఏడాది ప్రభుత్వ రికార్డులతో మళ్లీ లెక్కచేసి, పెద్ద తేడా ఏమీ లేదని జవాబిచ్చారు.

ఈ తగాదాలో ‘వాళ్ల విలువలు’ అని చేతులు దులుపుకోవడానికి లేదు. ఫోనులో మేనేజరు చెప్పిన అంకె నమ్మదగినదా, జీతాల రికార్డులు అన్ని రెస్టారెంట్ల నుంచీ వచ్చాయా, పోలికకు పెన్సిల్వేనియా తగినదేనా అన్నవి పరిశీలించి తేల్చుకోవాల్సిన ప్రశ్నలు. నేను ఆ అబ్బాయిని అడిగిన ప్రశ్న ఇది: ‘ఇదే సర్వే, ఇదే పద్ధతి, ఇవే 410 రెస్టారెంట్లు, కానీ ఫలితం తలకిందులుగా వచ్చి ఉంటే, నువ్వు దీన్ని నమ్మేవాడివా?’ కాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘అప్పుడు ఫోన్ సర్వేలో తప్పులుంటాయి అనేవాణ్ని’ అన్నాడు. నిజాయితీగా చెప్పాడు. మరి అదే అభ్యంతరం ఇప్పుడు ఎందుకు చెప్పలేదో రాసుకురమ్మన్నాను. మర్నాడు ఒకటిన్నర పేజీ రాసుకొచ్చాడు. ఆ సెమిస్టర్‌లో నేను దిద్దిన కాగితాల్లో నాకు బాగా నచ్చింది అదే.

విలువ నిర్ణయం అనగానే ఆధారం లేని ఇష్టం అనుకోకూడదని కూడా పిల్లలకు చెప్పాలి. పని పోయే మనిషి నష్టాన్ని, జీతం పెరిగే మనిషి లాభం కన్నా బరువుగా చూడాలి అన్నది విలువ నిర్ణయమే. కానీ దానికి కారణాలు అడగవచ్చు, ఆ కారణాలు ఇంకో చోట కూడా పాటిస్తున్నారా అని చూడవచ్చు. యంత్రాలు రావడం వల్ల పని పోయేవాళ్ల విషయంలో ఇదే బరువు ఇవ్వని సంస్థ, కనీస వేతనం దగ్గర మాత్రమే ఎందుకు ఇస్తోంది? ఇది సర్వేతో తేలే విషయం కాదు, అయినా గట్టిగా వాదించుకోదగిన విషయం. మన శాస్త్రం చేయాల్సిన పనిలో సగం ఇక్కడే ఉంది.

రెండు రంగుల పెన్నులు మానేశాక నేను చేయిస్తున్నది ఒకటే. నా మూడు వాక్యాల పేరాను ఇచ్చి, తిరగరాయమంటాను. ఒకటే షరతు: ఎవరు చదివినా, ఎక్కడిదాకా నివేదిక మాట, ఎక్కడి నుంచి రాసినవాళ్ల నిర్ణయం అన్నది వేలు పెట్టి చూపించగలగాలి. కిందటిసారి ఒక గుంపు రాసింది ఇది: ‘15 డాలర్లకు పెంచితే, 2025లో ఒక సగటు వారంలో సుమారు 13 లక్షల మందికి పని ఉండకపోవచ్చని మధ్య అంచనా, కానీ ఈ నష్టం దాదాపు సున్నా నుంచి 37 లక్షల దాకా ఎక్కడైనా ఉండవచ్చు. 1.7 కోట్ల మందికి జీతం పెరుగుతుంది, అధికారిక రేఖ ప్రకారం పేదల సంఖ్య 13 లక్షలు తగ్గుతుందని అంచనా. 12 డాలర్లకే పెంచితే ఉద్యోగ నష్టం 3 లక్షలకు, పేదరికంలో తగ్గుదల 4 లక్షలకు పరిమితం అవుతుందని అంచనా. పని పూర్తిగా పోగొట్టుకునేవాళ్ల నష్టాన్ని మేము మిగతా లాభాల కన్నా బరువుగా చూస్తున్నాం, అందువల్ల 12 డాలర్ల మార్గాన్ని సమర్థిస్తున్నాం.’

ఇంకో గుంపు మొదటి మూడు వాక్యాలూ దాదాపు ఇలాగే రాసి, నాలుగో వాక్యంలో 15 డాలర్లను సమర్థించింది. రెండు కాగితాల్నీ పక్కపక్కన బోర్డుకు అంటించాను. ఆ రోజు మిగిలిన గంటంతా రెండు గుంపులూ ఆ నాలుగో వాక్యం మీదే మాట్లాడుకున్నాయి. అంకెల గురించి ఎవరూ ఎవరితోనూ గొడవపడలేదు.